ముప్పది అయిదు రోజుల కొలువు: పండుగ ప్రకటనను చదవడమెట్లు?

వినాయక చవితి నిమజ్జనం ముగిసిన మరునాటి నుండే సరిహద్దు పట్టణాలలోని బట్టల దుకాణాల గాజు తలుపులపై కాగితాలు వెలుస్తాయి. బళ్ళారిలోనైతే కన్నడంలో 'కెలసక్కె జన బేకాగిద్దారె' అనీ, దాని క్రిందనే తెలుగులో 'పనివారు కావలెను' అనీ ఉంటుంది. మిగిలిన మాటలు ఏ భాషలో వ్రాసినా ఒకటే: ఆకర్షణీయమైన జీతం, భోజన వసతి, అనుభవం అక్కరలేదు, వెంటనే సంప్రదించండి. దసరా, దీపావళి బేరాలకు అదనపు మనుషులు కావాలన్నది దాని సారాంశం. చుట్టుపట్ల పల్లెలలో వేరుసెనగ పీకే కూలి ముగిసిన ఇండ్ల నుండి, డిగ్రీ చదివి ఖాళీగా ఉన్న పిల్లల ఇండ్ల నుండి ఆ కాగితాన్ని చూచి పట్టణానికి బయలుదేరేవారు ప్రతి ఏటా ఉంటారు.

ఆ కాగితంలో ఉన్నదంతా నిజమే కావచ్చును. చిక్కు లేనిదానితోనే వస్తుంది. ఎన్ని గంటలకు వెళ్ళి ఎన్ని గంటలకు తిరిగి రావాలి, ఏ తేదీతో పని ముగుస్తుంది, చివరి రోజున చేతికి ఎంత వస్తుంది అనే మూడు విషయాలు అందులో కనిపించవు. ఒక ప్రకటన నిజాయతీ గలదా కాదా అని తేల్చుటకు ఒకే పరీక్ష చాలును. దానిని చదివిన తండ్రి ఇంటిలో కూర్చుని, దుకాణంలో ఎవరినీ అడుగకుండా, తన బిడ్డ తెచ్చే మొత్తం సొమ్మును లెక్క కట్టగలగాలి. కట్టలేకపోతే ఆ కాగితం ప్రకటన కాదు, పిలుపు మాత్రమే.

అటువంటి లెక్క ఎట్లు సాగుతుందో చూచుటకు ఒక మాదిరి ప్రకటనను తీసుకొనవచ్చును. దుకాణం ఊహించినదే గాని, తేదీలు 2025 పండుగల పంచాంగానివి. ఆ సంవత్సరం విజయదశమి అక్టోబరు 2న, గాంధీ జయంతి నాడే వచ్చినది. దీపావళి అక్టోబరు 20, సోమవారం. కూలి రేటును లెక్క తేలికగా సాగేందుకు ఎంచుకొన్నాము. ప్రభుత్వం నిర్ణయించే కనీస వేతనం పట్టణాన్ని బట్టి, పనిలోని నైపుణ్యాన్ని బట్టి వేరుగా ఉంటుంది. కర్ణాటకలో దానిలోని కరువు భత్యపు భాగం ప్రతి ఏప్రిల్ 1న మారుతుంది. కావున ఏ ప్రకటననైనా ఆ ఏటి పట్టికతో సరిచూడవలసినదే.

మాదిరి ప్రకటన ఇట్లు ఉన్నదనుకొందాము:

"పండుగల బేరానికి తాత్కాలిక సహాయకులు కావలెను. 18 ఏండ్లు నిండినవారు మాత్రమే. పని సెప్టెంబరు 15 సోమవారం మొదలై అక్టోబరు 19 ఆదివారంతో ముగుస్తుంది. ఆ తరువాత కొనసాగింపు ఉండదు. మొదటి షిఫ్టు ఉదయం 10 నుండి సాయంత్రం 7 వరకు, రెండవది మధ్యాహ్నం 1 నుండి రాత్రి 10 వరకు. మధ్యలో ఒక గంట విరామం. చీరలు మడత పెట్టే సమయం కూడా ఇందులో చేరియే ఉన్నది. అక్టోబరు 10 నుండి అందరికీ ఒకే షిఫ్టు, ఉదయం 10 నుండి రాత్రి 9 వరకు. ప్రతి మంగళవారం సెలవు, దానికి జీతం లేదు. రోజుకు రూ. 640, అదనపు గంటకు రూ. 160. అక్టోబరు 2న పని చేసినవారికి రెట్టింపు. ఈ.ఎస్.ఐ. తప్ప మరే కోతలూ లేవు. భోజనం, వసతి లేవు. సెప్టెంబరు జీతం అక్టోబరు 7 లోపల, మిగిలినది అక్టోబరు 21 లోపల బ్యాంకు ఖాతాలో."

ఇందులో తియ్యని మాట ఒక్కటీ లేదు. భోజనం లేదు, వసతి లేదు, కొనసాగింపు లేదు అని మూడు 'లేదు'లు ఉన్నవి. అయినను లెక్కకు కావలసినవన్నీ ఇందులోనే ఉన్నవి.

సెప్టెంబరు 15 నుండి అక్టోబరు 19 వరకు సరిగా అయిదు వారాలు, అనగా 35 రోజులు. అయిదు మంగళవారాలు తీసివేస్తే 30 పని దినాలు. ముప్పదిని 640తో హెచ్చిస్తే రూ. 19,200. అక్టోబరు 2 నాటి రెట్టింపు వలన మరి రూ. 640. అక్టోబరు 10 నుండి 19 వరకు, నడుమ వచ్చే మంగళవారం పోగా, తొమ్మిది రోజులు రోజుకు రెండు గంటల చొప్పున 18 అదనపు గంటలు; వాటికి రూ. 2,880. అంతా కలిపి రూ. 22,720. ఈ.ఎస్.ఐ. కింద ఉద్యోగి వంతు నూటికి ముప్పావలా, అనగా 0.75 శాతం, అది సుమారు రూ. 171. చేతికి వచ్చేది రూ. 22,549.

ఈ లెక్కను రెండుగా విడదీస్తే మరొక ప్రయోజనం ఉన్నది. సెప్టెంబరులో 13 పని దినాలకు రూ. 8,320 రావాలి, అది అక్టోబరు 7 నాటికి ఖాతాలో పడాలి. మిగిలిన రూ. 14,400 పని ముగిసిన రెండు రోజులకు రావాలి. (కోత రెండు విడతలలోను కొంత కొంత ఉంటుంది.) అనగా మోసం ఏదైనా ఉంటే దీపావళి దాకా ఆగనక్కరలేదు, అక్టోబరు 8వ తేదీ ఉదయమే తెలిసిపోతుంది. పెక్కు దుకాణాలలో 'మొదటి పది రోజుల జీతం చివరన ఇస్తాము' అనే షరతు ఉండుటకు కారణం ఇదే. నడుమ మానివేసి పోకుండా పట్టి ఉంచే గుంజ అది. షరతు పెట్టినవాడు దానిని కాగితంపై వ్రాయడు; చేరిన నాల్గవ రోజున నోటితో చెబుతాడు.

ఇప్పుడు మామూలు కాగితాన్ని చూద్దాము. 'నెలకు రూ. 15,000, ఊట వసతి ఉచిత' అని ఉంటుంది. (ఈ ప్రాంతంలో ఊట అంటే నీటి ఊట అనుకొనే తెలుగువాడు లేడు, అన్నమేనని అందరికీ తెలుసు, అయితే ఆ ఊట ఎన్ని పూటలదో మాత్రం కాగితం చెప్పదు.) అదే 35 రోజులకు ఇది రూ. 17,500 అవుతుంది. పని ఉదయం 10 నుండి రాత్రి 10 వరకు. తిండికి ఒక గంట తీసివేసినా 11 గంటలు. 'పండుగ రోజులు కదా' అని వారపు సెలవు రద్దు. మొత్తం 385 గంటలు. గంటకు సుమారు రూ. 45 పడినది. తిండికీ పడకకూ రోజుకు వంద రూపాయలు విలువ కట్టి కలిపినా గంటకు రూ. 55 మించదు. మాదిరి ప్రకటనలోనో 258 గంటలకు రూ. 22,720; గంటకు రూ. 88. నెల జీతం రూపంలో వినుటకు 15,000 అనేది పెద్ద మాటగాను, రోజుకు 640 అనేది చిన్న మాటగాను తోచుట సహజము. కూలిని రోజుతో కొలిచే అలవాటు గల పల్లె కూడా దుకాణం మెట్టు ఎక్కగానే ఆ కొలత మరచిపోతుంది.

అయితే గంటల లెక్క ఒక్కటే చూచి తీర్పు చెప్పుట తగదు. ఊరు ఎంత దూరమో చూడాలి. రాను పోను బస్సుకు, టీకి కలిపి రోజుకు రూ. 80 అయ్యే ఊరి కుర్రవానికి 30 రోజులలో రూ. 2,400 పోతుంది; మిగిలేది రూ. 20,149. బస్సులో రోజుకు నాలుగు గంటలు గడిపేటంత దూరపు ఊరివానికి, వసతి ఇచ్చే దుకాణమే మేలు కావచ్చును, ఆ వసతి నిజముగా వసతి అయిన పక్షంలో. గోదాము మెట్ల క్రింద చాపలు పరచి దానినే వసతి అనేవారూ ఉన్నారు. పడక గదిని ముందుగా చూపమని అడిగితే తప్పేమీ లేదు. ఆడపిల్లల విషయంలో చూడకుండా పంపనే కూడదు.

ఆడపిల్లల రాకపోకల ఖర్చు వద్ద సరిహద్దు మరొక విధంగా అడ్డు వస్తుంది. కర్ణాటకలో శక్తి పథకం 2023 జూన్ 11 నుండి ఉన్నది. ఆ రాష్ట్ర నివాసులైన స్త్రీలు రాష్ట్రం లోపల ఆర్డినరీ బస్సులలో ఉచితంగా ప్రయాణిస్తారు. ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీ శక్తి పథకం 2025 ఆగస్టు 15న మొదలైనది. అదియు ఆ రాష్ట్రపు హద్దు లోపలనే. బళ్ళారి జిల్లా చిరునామా గల తెలుగు అమ్మాయి దుకాణానికి పైసా లేకుండా వస్తుంది. హద్దుకు అవతల, మూడు మైళ్ళ దూరంలో ఉన్న ఆమె పినతల్లి కూతురు అంతర్రాష్ట్ర బస్సులో టిక్కెట్టు కొనుక్కొని వస్తుంది. ఇద్దరి జీతం ఒకటే అయినా ఇంటికి చేరే సొమ్ము ఒకటి కాదు.

అంతకంటె ముఖ్యమైనది చివరి బస్సు. రాత్రి 10 గంటలకు విడుదల అన్న షిఫ్టు, 9 గంటలకే చివరి బస్సు వెళ్ళిపోయే ఊరివారికి పనికిరాదు. ఇక 'షట్టరు 10కి దించుతాము' అనుట వేరు, '10కి ఇంటికి పంపుతాము' అనుట వేరు. బట్టల దుకాణంలో పని చేసినవారికి ఈ భేదం బాగా తెలుసు. షట్టరు దిగిన తరువాతనే రోజంతా విప్పి చూపిన చీరల గుట్ట మడతకు వస్తుంది. తరువాత అరల లెక్క. ఆ తరువాత గేటు వద్ద ఒక్కొక్కరి సంచి తనిఖీకి వరుస. దసరా వారంలో ఇదంతా ముక్కాలు గంటకు తక్కువ పట్టదు. దానికి జీతం లేదంటే ముప్పది రోజులకు ఇరువది రెండున్నర గంటలు ఊరికే పోయినట్లు. మాదిరి ప్రకటనలో 'మడత పెట్టే సమయం కూడా ఇందులో చేరియే ఉన్నది' అన్న ఒక్క వాక్యం విలువ ఇంత. అడుగవలసిన ప్రశ్న కూడా అదే: "అన్నా, రాత్రి సంచి చూపించి బయట పడేసరికి ఎంతవుతుంది?" ఈ ప్రశ్న యజమానిని గాక, అక్కడ ఇప్పటికే పని చేస్తున్నవారిని అడుగుట మంచిది.

చట్టం గంటల గురించి ఏమంటున్నది? 1961 నాటి కర్ణాటక దుకాణాల చట్టం రోజుకు 9 గంటలు, వారానికి 48 గంటలు అని హద్దు పెట్టినది. అదనపు పనితో కలిపినా రోజుకు 10 గంటలు దాటరాదని, అయిదు గంటల పనికి మించకుండా ఒక గంట విరామం ఉండాలని, అదనపు గంటకు రెట్టింపు ఇవ్వాలని అన్నది. రోజు గంటలను పెంచుటకు 2025లో ఒక ప్రతిపాదన రాగా కార్మిక సంఘాలు వ్యతిరేకించినవి. ఇక్కడ ఒక మెలిక గమనింపదగినది. 'రోజుకు 9 గంటలు, వారానికి ఆరు రోజులు' అన్న ప్రకటన చట్టబద్ధంగా కనిపిస్తుంది. కాని తొమ్మిదారులు యాభై నాలుగు. వారపు హద్దు 48 కావున ఆరు గంటలు అదనపు పని కింద, రెట్టింపు రేటుకు రావాలి. మాదిరి ప్రకటనలో 8 గంటలే ఉండుట అందుకే. హోసూరు, కృష్ణగిరి వైపు వెళ్ళేవారికి 1947 నాటి తమిళనాడు చట్టం వర్తిస్తుంది. అందులో రోజు హద్దు 8 గంటలే. అక్కడ 2021లో ఒక సవరణ చేసి, దుకాణాలలో పని చేసేవారికి కూర్చొనుటకు ఆసనం ఉండాలన్నారు. చీరల విభాగంలో పది గంటలు నిలుచున్న కాళ్ళకు దాని విలువ తెలుస్తుంది.

కోతల విషయానికి వస్తే, దేశంలో నాలుగు కార్మిక కోడ్‌లు 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చినవి. మన మాదిరి దుకాణపు గడువు అంతకు ముందే ముగిసినది గాని, ఇకపై వచ్చే పండుగలకు ఇవే ఆధారం. వేతనాల కోడ్ ప్రకారం పని ముగిసినవారికి, తొలగించినా, తామే మానినా, రెండు పని దినాలలో బాకీ అంతా చెల్లించాలి. ఒక రోజు రానందుకు ఒక రోజు జీతమే కోయవచ్చును. 'ఒకటికి రెండు' అనే ఆచారానికి చోటు లేదు. జరిమానా ఆ కాలపు వేతనంలో 3 శాతం దాటరాదు. సరకు పోయినదని కోయాలన్నా, ముందు ఆ వ్యక్తిని సంజాయిషీ అడుగాలి. అరలో ఒక చీర తగ్గిందని ఆ వరుసలోని అయిదుగురి జీతంలోను సమంగా కోసివేయుట దుకాణాలలో పాత అలవాటు. ఎవరి నిర్లక్ష్యమో తేలకుండా అట్లు పంచుట కోడ్ ఒప్పుకొనేది కాదు. నియామక పత్రం ఇవ్వవలెననియు ఈ కోడ్‌ల వలన ఏర్పడినది. నెల రోజుల పనికి పత్రమా అని నవ్వేవారుంటారు. చివరి తేదీ వ్రాయబడిన ఆ ఒక్క కాగితమే రేపు కార్మిక శాఖ కార్యాలయంలో నోరు విప్పి మాట్లాడేది. పత్రం ఇవ్వని చోట హాజరు పట్టికను వారానికొకసారి ఫోనులో ఫోటో తీసుకొని ఉంచుకొన్నా కొంతకు కొంత నయం.

ఈ.ఎస్.ఐ. కోత చూచి కొందరు తల్లిదండ్రులు 'ముప్పది రోజులకు ఇదెందుకు' అంటారు. జ్వరం వచ్చి మానిన రోజులకు డబ్బు రావాలంటే 78 రోజుల చందా ఉండాలి గనుక, పండుగ కొలువువారికి అది దక్కదు. ఆ మాట నిజమే. కాని పనిలో దెబ్బ తగిలినప్పుడు ఇచ్చే సహాయానికి అటువంటి గడువు ఏదీ లేదు, మొదటి రోజు నుండే వర్తిస్తుంది. అటక మీది మూటను దించబోయి నిచ్చెన నుండి జారినవాని ఇంటికి రూ. 171 భారం కాదు. అడుగవలసినది ఒక్కటే, బీమా సంఖ్య. కోత ఉండి సంఖ్య లేకపోతే ఆ సొమ్ము ఎక్కడికీ చేరలేదన్నమాట.

ఇక 29 అనే సంఖ్యను గురించి. ఒక లెక్కల సంవత్సరంలో 30 పని దినాలు పూర్తి చేసినవారికి, తాత్కాలికులైనా, జీతం నిర్ణీత పరిమితి లోపల ఉంటే, బోనస్ నిబంధనలు వర్తించే సంస్థలలో కనీసం 8.33 శాతం బోనస్‌కు హక్కు వస్తుంది. కొన్ని చోట్ల పండుగ కొలువు 28, 29 రోజులకు తెగిపోవుటకు ఇది కారణం కావచ్చును. మన మాదిరి దుకాణంలో సరిగా 30 దినాలున్నవి. అయినను ఆ బోనస్ దీపావళికి రాదు. లెక్కల సంవత్సరం ముగిసిన తరువాత ఎనిమిది నెలలలోపు ఎప్పుడైనా ఇవ్వవచ్చును. అప్పటికి ఆ పిల్ల ఏ ఊరిలో ఉంటుందో, దుకాణంలో ఆమె పేరు ఎవరికి గుర్తుంటుందో! అందుకే అడిగి తీసుకొన్నవారు అరుదు. చేరేటప్పుడే బ్యాంకు ఖాతా సంఖ్యతో పాటు ఈ మాట కూడా పత్రంలో వ్రాయించుకొనుట ఉపాయం.

దుకాణదారుల వైపు నుండియు ఒక మాట వినవలసి ఉన్నది. బేరం ఎట్లుంటుందో సెప్టెంబరులో వారికి తెలియదు. వాన పడితే పల్లె జనం రారు. వేరుసెనగ ధర పడిపోతే కొనుగోళ్ళు పడిపోతాయి. ముప్పది అయిదు రోజుల మాట ఇచ్చి, దసరాకే గిరాకీ చల్లబడితే ఇరువది మంది జీతం ఎవరు భరించాలి? అందుకే 'పండుగ వరకు' అని తేదీ లేకుండా వ్రాస్తారు. ఆ భయం అబద్ధం కాదు. కాని దానిని కూడా నిజాయతీగా వ్రాయు మార్గం ఉన్నది: 'అక్టోబరు 5 వరకు పని ఖాయం, ఆ తరువాత అక్టోబరు 19 వరకు పొడిగిస్తామో లేదో సెప్టెంబరు 30న చెబుతాము.' ఇట్లు వ్రాసిన యజమాని నష్టాన్ని సగం తగ్గించుకొంటాడు. కుటుంబానికీ కనీసపు లెక్క దొరుకుతుంది. తేదీ వ్రాయనివాడు నష్టాన్ని మొత్తంగా పనివాని మీదికి నెట్టినవాడే.

దానికి ఫలం వాడూ అనుభవిస్తాడు. గంటలు దాచి చేర్చుకొన్న పిల్లలు రెండవ వారంలో, పాదాలు వాచి, ఒక్కొక్కరుగా మానివేస్తారు. అప్పటికి చీరల అరలు ఎక్కడ ఏమున్నవో వారికి అలవాటై ఉంటుంది. వారి స్థానంలో అక్టోబరు రెండవ వారంలో వచ్చే కొత్తవారికి పట్టుకీ గద్వాలకీ భేదం నేర్పేసరికి దీపావళి దాటిపోతుంది. భోజనం లేదు, వసతి లేదు, కొనసాగింపు లేదు అని ముందే వ్రాసిన దుకాణానికి తక్కువమంది వస్తారు. వచ్చినవారు మాత్రం తమ ఊరి బస్సు వేళ చూచుకొని, లెక్క కట్టుకొని వచ్చినవారు.

వచ్చే పండుగలకు పిల్లలను పంపదలచిన ఇండ్లలో కాగితం చూచిన రోజునే ఒక పలకపై నాలుగు అంకెలు వ్రాసుకొనుట మంచిది: పని దినాలు, రోజు గంటలు, రోజు కూలి, మొదటి జీతం తేదీ. ఏ అంకె దగ్గర ఖాళీ మిగిలిందో దాని గురించే దుకాణంలో అడుగాలి. సమాధానం 'అవన్నీ చేరిన తరువాత చూద్దాంలే' అని వస్తే, తిరుగు బస్సు ఎక్కుటకు ఇంకా వేళ మించిపోలేదు.